ఎల్‌సీ డ్రాఫ్టుకూ ఇన్‌వాయిస్‌కూ బీఎల్‌కూ తేడాలు ఎక్కడ వస్తాయి: చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎల్‌సీ తెరిచాక ఒకసారి చూసుకుంటే సరిపోదా? డ్రాఫ్టు దశలోనే ఎందుకు?

ఎల్‌సీ అంటే అడిగిన కాగితాలు సరిగ్గా ఇస్తే డబ్బు కడతామని బయ్యరు బ్యాంకు ఇచ్చే హామీపత్రం. దాని డ్రాఫ్టులో మాట మార్చాలంటే బయ్యరుకు ఒక మెయిల్ చాలు. ఎల్‌సీ తెరిచాక అదే మాట మార్చాలంటే బయ్యరు తన బ్యాంకులో సవరణకు దరఖాస్తు పెట్టాలి, ఛార్జీ కట్టాలి, ఆ బ్యాంకు ఎంటీ 707 మెసేజ్ పంపాలి. ఈలోగా బ్లాకులు లారీలెక్కి కృష్ణపట్నం చేరిపోతే బేరమాడే బలం మీ చేతిలో ఉండదు. సరుకు రేవులో పడి ఉంటే బయ్యరు తీరిగ్గానే జవాబిస్తాడు.

ఇంకో కారణం కూడా ఉంది. బ్యాంకులో "డిస్క్రిపెన్సీ" అని ముద్ర పడే తేడాల్లో చాలావరకు ఇన్‌వాయిస్ టైపు చేసేటప్పుడు పుట్టినవి కావు. ఎవరూ నెరవేర్చలేని షరతు ఎల్‌సీలోకి వచ్చిన రోజే అవి పుట్టాయి. అలాంటివాటిని ఎంత జాగ్రత్తగా టైపు చేసినా తప్పించలేం.

డ్రాఫ్టు వచ్చేసరికి ఇన్‌వాయిస్సూ ఉండదు, సరుకుకు ఓడవాళ్లు ఇచ్చే రసీదు బీఎల్లూ ఉండదు. దేంతో పోల్చాలి?

ముందుగానే ఒక ఉత్తుత్తి సెట్టు తయారు చేసుకోవాలి. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ చేతిలో ఉంటుంది. ఇదే బయ్యరుకో, ఇదే రేవు నుంచో పోయినసారి వెళ్లిన లోడు బీఎల్, మెజర్‌మెంట్ లిస్టు, ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ ఫైల్లో ఉంటాయి. డ్రాఫ్టులోని షరతుల ప్రకారం కొత్త లోడుకు ఇన్‌వాయిస్, బీఎల్ నిజంగానే రాసి చూడండి. ఎక్కడ పెన్ను ఆగిపోతుందో అక్కడే తేడా ఉంది.

రాసేటప్పుడు ప్రతి లైను దగ్గర ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ మాట ఏ కాగితం మీద రావాలి, ఆ కాగితం ఎవరు రాస్తారు? ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు మనమే రాస్తాం కాబట్టి అక్కడ ఏ మాట కావాలంటే ఆ మాట పెట్టగలం. బీఎల్ రాసేది ఓడ ఏజెంటు. ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ రాసేది బయ్యరు మనిషి. మన చేతిలో లేని కాగితాల మీద డ్రాఫ్టు ఏం అడుగుతోందో ముందు చూడాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఇన్‌వాయిస్‌లో స్పెల్లింగులన్నీ చూసుకుని బీఎల్ షరతు మీద చూపు జారనిస్తారు.

ఒక ఉదాహరణతో చూపిస్తారా?

బ్లాక్ గెలాక్సీ రఫ్ బ్లాకులు చైనాలోని షియామెన్ రేవుకు వెళ్లాలి. ఒప్పందం 300 సీబీఎం అంటే ఘనమీటర్లు, సీబీఎం 600 డాలర్లు, ఎఫ్ఓబీ. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, నేటి ధర కాదు. కంటైనర్లు కాకుండా విడి బ్లాకులుగా బయ్యరు మాట్లాడుకున్న ఓడలో కృష్ణపట్నం నుంచి లోడు చేయాలి. బయ్యరు పంపిన డ్రాఫ్టులో మనకు కావాల్సిన లైన్లు ఇవి:

```
31D: 261020 CHINA
32B: USD180000,00
43P: NOT ALLOWED
44C: 261010
44E: CHENNAI PORT, INDIA
44F: XIAMEN PORT, CHINA
45A: BLACK GALAXY GRANITE ROUGH BLOCKS
     60 BLOCKS, ABOUT 300 CBM
     USD600/CBM FOB CHENNAI
46A: FULL SET CLEAN ON BOARD OCEAN B/L
     MARKED FREIGHT PREPAID
48 : 10
```

పైపైన చదివితే ఇబ్బంది కనపడదు. సరుకు పేరు సరిగానే ఉంది, ధర ఒప్పందం ప్రకారమే ఉంది, 300ను 600తో గుణిస్తే 1,80,000 వస్తుంది. అయినా ఈ డ్రాఫ్టు ఇలాగే ఎల్‌సీ అయితే తేడా లేని సెట్టు ఇవ్వడం దాదాపు అసాధ్యం. కింది ప్రశ్నలన్నీ దీని మీదే.

బ్లాకుల సంఖ్య రాస్తే తప్పేంటి? నిజంగా అరవై బ్లాకులే పంపుతున్నాం కదా.

పంపుదామనే అనుకుంటారు. యార్డులో నీళ్లు కొట్టి చూసేసరికి ఒక బ్లాకులో తెల్ల గీత బయటపడుతుంది, ఇంకోదానికి మూల దగ్గర చీలిక కనిపిస్తుంది. బయ్యరు తరఫున గుర్తులు వేయడానికి వచ్చినవాడు ఆ రెండూ పక్కన పెట్టేస్తాడు. ఓడెక్కేది 58.

ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమాలైన యూసీపీ 600లో 30వ ఆర్టికల్ ప్రకారం, ఎల్‌సీ మరో మాట చెప్పకపోతే పరిమాణంలో 5 శాతం ఎక్కువ తక్కువలు చెల్లుతాయి. కానీ పరిమాణాన్ని ఇన్ని ప్యాకింగులు, ఇన్ని వస్తువులు అని లెక్కపెట్టి చెప్పినచోట ఆ వెసులుబాటు ఉండదు. "ABOUT" అనే మాట 10 శాతం ఇస్తుంది, అయితే అది ఏ అంకెకు తగిలించి ఉందో దానికి మాత్రమే. ఈ డ్రాఫ్టులో అది 300 సీబీఎంకు ఉంది, 60 బ్లాకులకు లేదు. కాబట్టి మీ 58 బ్లాకులు 294.600 సీబీఎం వచ్చి, సీబీఎం లెక్కలో హద్దులోనే ఉన్నా, సంఖ్య లెక్కలో రెండు తగ్గాయి. పైగా 43P పార్షియల్ షిప్‌మెంట్ వద్దంటోంది. బ్యాంకుకు అంతకంటే ఏం కావాలి?

45Aలో బ్లాకుల సంఖ్య తీసేయించండి. ఎన్ని బ్లాకులన్నది మెజర్‌మెంట్ లిస్టులో, బీఎల్‌లో ఎలాగూ వస్తుంది.

బ్లాకులు పెద్దవి పడి సీబీఎం పెరిగితే?

అప్పుడు మొత్తం సొమ్ము దగ్గర చిక్కు. 306.200 సీబీఎం లోడయిందనుకుందాం. 600 చొప్పున 1,83,720 డాలర్లు. పరిమాణానికి "ABOUT" ఉంది కాబట్టి సరుకు చెల్లుతుంది. 32Bలోని సొమ్ముకు ఏ వెసులుబాటూ లేదు, ఎక్కువ తక్కువల శాతం చెప్పే 39A లైనే డ్రాఫ్టులో లేదు. 18వ ఆర్టికల్ ప్రకారం బ్యాంకు ఇష్టపడితే ఎక్కువ మొత్తం ఉన్న ఇన్‌వాయిస్ తీసుకోవచ్చు, కానీ చెల్లించేది ఎల్‌సీ మొత్తం వరకే. 3,720 డాలర్ల రాయి ఎల్‌సీ రక్షణ లేకుండా ఓడెక్కినట్టు. పరిమాణానికీ సొమ్ముకూ ఒకే శాతం ఉండాలి. `39A: 10/10` అని అడగండి.

ఎఫ్ఓబీ అని ఉండి "FREIGHT PREPAID" అడిగారు. ఇది నిజంగా సమస్యేనా?

ఎఫ్ఓబీలో ఓడ కిరాయి బయ్యరుది. మనం కట్టని కిరాయిని కట్టేశామని ఓడ ఏజెంటు బీఎల్ మీద రాయడు. రాయమని ఒత్తిడి చేస్తే కిరాయి మన దగ్గరే అడుగుతాడు. సాధారణంగా ఇది బయ్యరు ఆఫీసులో కిరాయి, బీమా అమ్మేవాడే కట్టే పాత సీఐఎఫ్ ఎల్‌సీని కాపీ చేసి కొత్తది తయారు చేసినప్పుడు మిగిలిపోయే లైను. డ్రాఫ్టులోని షరతులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని చూడటానికి దీన్ని మించిన పాఠం లేదు: 45Aలో ధర షరతు, 46Aలో కిరాయి మాట, రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. సీఐఎఫ్ అయితే బీమా పాలసీ అడిగారో లేదో కూడా అక్కడే చూడాలి.

ఇక్కడ ఇంకో పెద్ద గొయ్యి ఉంది. విడి బ్లాకుల ఓడ బయ్యరు చార్టరు చేసుకున్నది. ఆ ఓడ కిరాయి ఒప్పందాన్నే చార్టర్ పార్టీ అంటారు. ఆ ఓడ బీఎల్ మీద చాలాసార్లు కిరాయి గురించి "చార్టర్ పార్టీ ప్రకారం చెల్లించబడును" అనే అర్థం వచ్చే లైను ఉంటుంది. ఆ ఒక్క లైనుతో అది చార్టర్ పార్టీ బీఎల్ అయిపోతుంది. యూసీపీ 20వ ఆర్టికల్ కింద వచ్చే మామూలు ఓషన్ బీఎల్‌లో చార్టర్ పార్టీ ప్రస్తావనే ఉండకూడదు. చార్టర్ పార్టీ బీఎల్‌కు 22వ ఆర్టికల్ వేరే ఉంది, కానీ ఎల్‌సీ దాన్ని అడిగితేనో అనుమతిస్తేనో మాత్రమే అది వర్తిస్తుంది. డ్రాఫ్టులో అడిగింది ఓషన్ బీఎల్. ఓడ తనది, చార్టరు తనది, ఆ కారణంతోనే మన కాగితాలు తిప్పిపంపే హక్కూ బయ్యరు బ్యాంకుకే! ఇది కావాలని చేస్తారని అనను. కానీ షియామెన్‌లో రాయి ధర పడిపోయిన నెలలో ఈ తేడా వాళ్లకు బాగా అక్కరకొస్తుంది.

కంటైనర్లలో చెన్నై నుంచి లైనర్ సర్వీసు మీద పంపేవారికి ఈ బెడద సాధారణంగా ఉండదు.

రేవు పేరు వేరే ఉంటే ఇన్‌వాయిస్‌లో మార్చి రాసుకోవచ్చా?

వద్దు. 44E చెన్నై అంటోంది, ఓడ కృష్ణపట్నంలో లోడవుతుంది. బీఎల్ మీద లోడింగ్ పోర్టు కృష్ణపట్నం అని వస్తే ఎల్‌సీతో తేడా. ఇన్‌వాయిస్‌లో ఎఫ్ఓబీ చెన్నై అని ఉంచితే ఎల్‌సీతో కలుస్తుంది గానీ బీఎల్‌తో గొడవ. 45Aలో సరుకు వివరణతో పాటు ధర షరతు కూడా ఉంటే అది ఇన్‌వాయిస్ మీద అలాగే రావాలి. అందుకే 44E, 45A రెండూ కలిపి మార్పించాలి. ఒకటి మార్పించి రెండోది మరిచిపోవడం మామూలుగా జరిగేదే.

మొత్తం మీద బయ్యరును అడగాల్సిన మార్పులు ఇలా ఉంటాయి:

```
31D: 261031 INDIA
39A: 10/10
43P: ALLOWED
44E: KRISHNAPATNAM PORT, INDIA
45A: BLACK GALAXY GRANITE ROUGH BLOCKS
     300 CBM NET (+/-10 PCT)
     USD600/CBM FOB KRISHNAPATNAM
46A: CHARTER PARTY B/L ACCEPTABLE, MARKED
     FREIGHT PAYABLE AS PER CHARTER PARTY
48 : 21
```

"NET" అని ఎందుకు చేర్చారు?

గ్రానైట్‌లో ఒకే బ్లాకుకు రెండు కొలతలు ఉంటాయి. టేపు పెట్టి కొలిచింది గ్రాస్. వంకరలు, మూలలు పోను ప్రతి వైపు కొన్ని సెంటీమీటర్లు తగ్గించి బయ్యరు ఒప్పుకున్నది నెట్. డబ్బు నెట్ మీద, బరువు గ్రాస్ మీద. 2.80 × 1.60 × 1.40 మీటర్ల బ్లాకు గ్రాస్ 6.272 సీబీఎం. పొడవులో 10, మిగతా రెండు వైపులా 5 సెంటీమీటర్ల చొప్పున తగ్గిస్తే 2.70 × 1.55 × 1.35, అంటే 5.650. ఒక్క బ్లాకులోనే 0.622 తేడా.

ఇన్‌వాయిస్ మీద 294.600 సీబీఎం, బీఎల్ మీద ఏజెంటు వేసిన గ్రాస్ సీబీఎం దానికంటే ముప్ఫై పైన ఎక్కువ, రెండింటి పక్కనా ఒట్టి "CBM" అని ఉంటే బ్యాంకులో కూర్చున్నవాడికి అవి పొసగని అంకెలు. 14వ ఆర్టికల్ చెప్పేది అదే: కాగితాల్లోని వివరాలు అక్షరాలా ఒకేలా ఉండనక్కర్లేదు, ఒకదానికొకటి విరుద్ధంగా మాత్రం ఉండకూడదు. మెజర్‌మెంట్ లిస్టులో గ్రాస్, నెట్ రెండు నిలువు వరుసలూ పేర్లతో సహా ఇవ్వండి. బీఎల్ మీద సీబీఎం అసలు వద్దని, బ్లాకుల సంఖ్య, బరువు చాలని ఏజెంటుకు చెప్పండి. ఎల్‌సీ అడగని అంకెను ఎక్కువ కాగితాల మీద వేసుకోవడం వల్ల ఒరిగేదేం లేదు.

ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ షరతును ఎలా చదవాలి?

బయ్యరు ప్రతినిధి సంతకంతో సర్టిఫికెట్, ఆ సంతకం ఎల్‌సీ తెరిచిన బ్యాంకు రికార్డులతో సరిపోవాలి అనే షరతు డ్రాఫ్టుల్లో కనిపిస్తుంటుంది. అది ఎల్‌సీ మొత్తాన్నీ బయ్యరు ఇష్టానికి వదిలేసే షరతు. ఆ సంతకం సరైనదో కాదో మనం సరిచూసుకునే దారి లేదు. తీసేయమనండి. ఒప్పుకోకపోతే "రికార్డులతో సరిపోవాలి" అన్న ముక్కనైనా తీయించి, సంతకం చేసేవాడి పేరు ఎల్‌సీలోనే రాయించండి. అదీ కుదరదంటే, ఆ సర్టిఫికెట్ చేతికి రాకుండా బ్లాకులు ఓడెక్కించకండి.

తేదీలు చూడటంలో మెళకువ ఏంటి?

మూడు తేదీలను కలిపి చూడాలి. ఆఖరి షిప్‌మెంట్ తేదీ అక్టోబరు 10. షిప్‌మెంట్ అయ్యాక కాగితాలు ఇవ్వడానికి 10 రోజులు. ఎల్‌సీ గడువు అక్టోబరు 20, చైనాలో. ఆ "చైనాలో" అన్న మాటే ప్రాణం. అంటే 20వ తేదీకి కాగితాలు ఒంగోలు బ్యాంకులో ఇస్తే కుదరదు, చైనా బ్యాంకు కౌంటరు చేరాలి. ఓడ 10న వెళితే బీఎల్ చేతికి రావడానికి ఒకటి రెండు రోజులు, బ్యాంకు చూడటానికి కొన్ని రోజులు, పైన కొరియరు. మన దగ్గర దసరా సెలవులు కూడా ఆ రోజుల్లోనే. 31Dలో గడువు అక్టోబరు 31, స్థలం ఇండియా అనీ, 48లో 21 రోజులనీ కలిపి అడగండి. 48 లైను అసలు లేకపోతే యూసీపీ ప్రకారం 21 రోజులే, కానీ గడువు తేదీ దాటకూడదు.

గడువు రోజు బ్యాంకుకు సెలవైతే అది మరుసటి పనిదినానికి జరుగుతుంది. ఆఖరి షిప్‌మెంట్ తేదీ అలా జరగదు.

చిన్న స్పెల్లింగు తప్పులకు కూడా తిప్పిపంపుతారా?

అర్థం మారని టైపు తప్పు తేడా కాదని, బ్యాంకులు కాగితాలు చూసే పద్ధతి మీద ఐసీసీ వారు ఇచ్చిన ఐఎస్‌బీపీ 745 చెబుతోంది. ఇంగ్లిషులో లిమిటెడ్ పూర్తిగా రాసినా కుదించి రాసినా ఒకటే. చీమకుర్తి స్పెల్లింగు ఇంగ్లిషులో ఇంటికొకటి ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. అమ్మేవారి, కొనేవారి చిరునామాలు అదే దేశంలో ఉన్నంతవరకు ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలని లేదు. మినహాయింపు ఒకటి: బీఎల్ మీద కన్సైనీగా గానీ నోటిఫై పార్టీగా గానీ బయ్యరు వివరాలు రావాలంటే అవి ఎల్‌సీలో చెప్పినట్టే రావాలి.

అంకె తప్పు మాత్రం వేరు. బ్లాకు నంబరు, ఎల్‌సీ నంబరు, బరువు, వీటిలో రెండు అంకెలు తారుమారైతే అది అర్థం మారడమే. సరుకు పేరును ఇన్‌వాయిస్ మీద 45A నుంచి కాపీ చేసి పెట్టండి. మిగతా కాగితాల మీద విరుద్ధంగా లేకుండా క్లుప్తంగా ఉన్నా చాలు.

లోడింగ్ అయ్యాక అసలు కాగితాలను ఏ వరుసలో పోల్చాలి?

బీఎల్ డ్రాఫ్టు దగ్గర మొదలుపెట్టండి, ఒరిజినల్స్ సంతకం కాకముందే. మన ఇన్‌వాయిస్ ఎప్పుడైనా మళ్లీ ప్రింటు తీసుకోవచ్చు. సంతకమైన బీఎల్ మార్చాలంటే మూడు ఒరిజినల్స్ వెనక్కివ్వాలి.

ఎల్‌సీని పక్కన పెట్టుకుని బీఎల్ డ్రాఫ్టును లైను లైనుకూ టిక్కు పెట్టండి: కన్సైనీ, నోటిఫై, రెండు రేవులు, ఆన్ బోర్డ్ తేదీ, కిరాయి మాట. తర్వాత లోడింగప్పుడు ఓడ ఆఫీసరు ఇచ్చే మేట్స్ రిసీట్ అడిగి తెప్పించుకోండి. బ్లాకుల మూలలు విరిగాయనో, పగుళ్లు ఉన్నాయనో ఓడ ఆఫీసరు దాని మీద రాస్తే అదే బీఎల్‌లోకి వస్తుంది. అప్పుడిక అది క్లీన్ బీఎల్ కాదు. క్రేన్ దగ్గర మన మనిషి ఉండాల్సింది అందుకే. రాసిన రిమార్కు మీద తర్వాత ఫోన్లో వాదించి గెలవడం కష్టం.

ఆ తర్వాత అంకెలు. పైన చెప్పిన 58 బ్లాకుల లోడునే తీసుకోండి. ఎల్‌సీ సవరించిన పద్ధతిలోనే వచ్చింది. ఇన్‌వాయిస్ 294.600 సీబీఎం, 1,76,760 డాలర్లు, గుణిస్తే సరిపోయింది. మెజర్‌మెంట్ లిస్టులో ఒక్కో బ్లాకు నెట్ కూడితే 294.600, అదీ సరే. బరువు దగ్గర లిస్టులో 964.520 టన్నులు, బీఎల్ డ్రాఫ్టులో 964.250. విడివిడిగా చదివితే రెండూ నమ్మబుద్ధేసే అంకెలే, పక్కపక్కన పెడితేనే దొరుకుతుంది. అదే డ్రాఫ్టులో గుర్తుల గడిలో "1 TO 60" అని ఉంది. మొదట పంపిన షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్ అలాగే మిగిలిపోయింది. పక్కన పెట్టిన 17, 41 నంబర్ల బ్లాకులు ఇంకా యార్డులోనే ఉన్నాయి. 58 బ్లాకులకు ఒకటి నుంచి అరవై గుర్తులు ఎలా వస్తాయి? "1 TO 60 EXCEPT 17 AND 41" అని దిద్దించాలి. లోడింగ్‌లో బ్లాకు తగ్గిన ప్రతిసారీ సంఖ్య మారుస్తారు, గుర్తులు మరిచిపోతారు.

తేడా కనపడింది, దిద్దే సమయం లేదు. ఏం చేయాలి?

మన కాగితంలో ఉంటే మళ్లీ ప్రింటు తీయండి, అంతే. వేరేవాళ్ల కాగితంలో ఉండి ఇక మార్చలేకపోతే బయ్యరుకు ముందే చెప్పి, తేడాను అంగీకరిస్తున్నట్టు ఆయన బ్యాంకుకు తెలియజేయమనండి. ఎల్‌సీ గడువు మిగిలి ఉంటే సవరణే మేలు. బయ్యరు మెయిల్లో "ఓకే" అన్నది సవరణ కాదు, బ్యాంకుకు దానితో పనిలేదు. సవరణ వస్తే అందులో ఇష్టమైన ముక్క ఒప్పుకుని మిగతాది వద్దనడం కుదరదు. అలా చేస్తే మొత్తం తిరస్కరించినట్టే లెక్క.

తేడాకు బాధ్యత మాదేనని ఇండెమ్నిటీ రాసిచ్చి మీ బ్యాంకు నుంచి ముందే డబ్బు తీసుకుంటే, అవతల తిరస్కరించిన రోజు వడ్డీతో వెనక్కి కట్టాల్సింది మీరే. ఆ డబ్బు వచ్చిందనుకుని క్వారీ బకాయిలు తీర్చేయకండి.

బయ్యరు బ్యాంకు తేడా ఉందని రాస్తే ఒప్పుకోవాల్సిందేనా?

ముందు తేదీ చూడండి. కాగితాలు అందిన మరుసటి రోజు నుంచి అయిదు బ్యాంకు పనిదినాల్లోపు, ఒకే నోటీసులో, ప్రతి తేడానూ పేర్కొంటూ తిరస్కరించాలని 16వ ఆర్టికల్. గడువు దాటి చెప్పినా, మొదటి నోటీసులో లేని తేడాను రెండోసారి పట్టుకొచ్చినా ఆ హక్కు పోయినట్టే. సాధారణంగా ఈ నోటీసు ఎంటీ 734గా వస్తుంది. దాని కాపీ మీ బ్యాంకును అడిగి తీసుకోండి, నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. చెప్పిన తేడా యూసీపీ ప్రకారం తేడానే కాకపోతే ఆర్టికల్ నంబరుతో జవాబు మీ బ్యాంకు చేతే పంపించాలి.

షిప్పింగ్ బిల్లును కూడా వీటితో పోల్చాలా?

ఎల్‌సీ అడగకపోతే బయ్యరు బ్యాంకుకు అది అక్కర్లేదు. కానీ 60 బ్లాకులకు షిప్పింగ్ బిల్లు వేసి 58 ఎగుమతైతే, ఆ తగ్గుదలను కస్టమ్స్‌లో దిద్దించమని మీ కస్టమ్స్ ఏజెంటు సీహెచ్‌ఏకు వెంటనే చెప్పాలి. లేకపోతే ఎగుమతి డబ్బు వచ్చిందో లేదో చూసే ఆర్‌బీఐ వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో ఆ రెండు బ్లాకుల డబ్బు ఇంకా రావాల్సినట్టే కనిపిస్తుంది. ఎల్‌సీ డబ్బు పూర్తిగా వచ్చాక కూడా మీ బ్యాంకు ఆ మిగులు గురించి అడుగుతూనే ఉంటుంది.